బొటిక్ అద్దె తగ్గించమని యజమానికి ఉత్తరం: తరచుగా అడిగే ప్రశ్నలు

గిరాకీ పడిపోయిన ఏడాదిలో అద్దె తగ్గించమని అడగాలనుకునే బొటిక్ నిర్వాహకుల కోసం ఈ పేజీ. ఇక్కడ యజమాని అంటే షాపు గది అద్దెకు ఇచ్చినవారు. నేను ఇలాంటి ఉత్తరాలు రెండుసార్లు రాశాను. మొదటిది మూడు పేజీలు, నిండా కష్టాలు. దానికి జవాబే రాలేదు. రెండోది ఒక్క పేజీ, పని జరిగింది. ఆ రెండింటి మధ్య నేర్చుకున్నదే ఇక్కడ ఎక్కువగా ఉంది.

ఎదురుగా కూర్చుని అడిగితే సరిపోదా, ఉత్తరం ఎందుకు?

అడగండి, మంచిదే. కానీ మీరు మాట్లాడి వచ్చేశాక యజమాని ఆ సంగతి ఇంట్లో వాళ్లతోనో, వాటా ఉన్న అన్నదమ్ములతోనో, లెక్కలు చూసే మనిషితోనో చర్చిస్తారు. ఆ చర్చలో మీరు ఉండరు. "పాపం, వ్యాపారం బాగా లేదట, అద్దె తగ్గించమంటున్నారు" అనే ఒక్క ముక్కే అక్కడికి చేరుతుంది. ఎంత, ఎన్నాళ్లు, తర్వాత ఏమిటి అన్నవి దారిలోనే జారిపోతాయి. అవి జారిపోకుండా మీ తరఫున ఆ గదిలో ఉండేది కాగితమే.

నేనైతే ముందు ఫోను చేసి "ఒక విషయం రాసి పంపుతున్నాను, చదివాక కలుద్దాం" అంటాను. ముందు మాట లేకుండా ఉత్తరం చేతికి వస్తే కొందరికి అది నోటీసులా కనిపిస్తుంది.

ఎప్పుడు రాయాలి?

అద్దె ఇంకా సక్రమంగా కడుతున్నప్పుడే. రెండు నెలల బకాయి పడ్డాక రాసిన ఉత్తరాన్ని యజమాని విన్నపంగా చదవరు, సాకుగా చదువుతారు. చేతిలో ఉన్న డబ్బుతో ఇంకా మూడు నాలుగు నెలలు పూర్తి అద్దె కట్టగలిగే దశలో రాయడం మేలు. యజమాని ఆలోచించుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది, ఆలోగా మీరు ఒక్క అద్దె కూడా తప్పకూడదు.

ఇంకో మాట. బొటిక్‌కు ఏటా రెండు మూడు నెలలు బోణీ కాని రోజులు ఎలాగూ ఉంటాయి. ఆ నెలల్లో ఉత్తరం రాస్తే "ఇది ఏటా ఉండేదే కదా" అంటారు, ఆ మాటలో న్యాయం ఉంది. సీజను నెలలు కూడా నిరుటి కంటే తగ్గాయని చూపగలిగినప్పుడే అది మందగించిన ఏడాది అవుతుంది. అందుకే పోయిన నెలతో పోల్చకూడదు. పోయిన ఏడాది అదే నెలతో పోల్చాలి.

ఎంత తగ్గించమని అడగాలి?

ఈ పేజీలో అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇదే కాబట్టి నెమ్మదిగా వెళ్దాం.

చాలామంది సగం అడిగి పావుకు దిగుదాం అనుకుంటారు. సగానికి లెక్క ఏమిటని యజమాని అడిగితే జవాబు ఉండదు. అడిగే అంకె మీ లోటులోంచి పుట్టాలి. ఒక ఉదాహరణ తీసుకుందాం. ఏ చోటి డబ్బుకైనా సరిపోయేలా నెల అద్దెను 100 పాళ్లు అనుకుని, మిగతావన్నీ దాని మీద కొలుద్దాం.

మామూలు ఏడాదిలో ఈ బొటిక్ నెలవారీ అమ్మకాలు 1000. అందులో బట్ట, కుట్టు కూలి, తయారు సరుకు కొనుగోలు కలిపి 600 పోతే 400 మిగులుతుంది. ఆ 400లోంచి అద్దె 100, సిబ్బంది జీతాలు 130, కరెంటు, మెయింటెనెన్స్ 40, చిల్లర ఖర్చులు 30 పోతే, చివరికి 100 మిగులుతుంది. నిర్వాహకురాలి ఇల్లు నడిచేది ఆ 100తోనే.

ఈ ఏడాది అమ్మకాలు 720కి పడ్డాయి. సరుకు కదలడానికి తగ్గింపు ధరలు పెట్టాల్సి వచ్చింది కాబట్టి ప్రతి అమ్మకం మీద మిగిలేది కూడా సన్నబడింది. మునుపు నూటికి 40 మిగిలేది, ఇప్పుడు 35. అంటే 720 మీద 252. ఖర్చులు మాత్రం అలాగే 300. నెలకు 48 లోటు, పైగా ఆమె సొంతానికి సున్న. అమ్మకాలు 28 శాతమే తగ్గినా ఖర్చులకు మిగిలేది 400 నుంచి 252కు, అంటే 37 శాతం పడిపోయిందని గమనించండి. తగ్గింపు బోర్డు పెట్టుకున్న బొటిక్‌లన్నిటికీ ఇది జరుగుతుంది. చాలామంది తమ ఉత్తరంలో ఈ రెండో దెబ్బను మరిచిపోయి అమ్మకాల అంకె ఒక్కటే రాస్తారు.

ఇప్పుడు ఆమె తన వైపు సర్దుబాట్లు చేసింది. మానేసిన సహాయకురాలి చోట మరొకరిని పెట్టలేదు, జీతాలు 110కి దిగాయి. చిల్లర ఖర్చులు 25కి వచ్చాయి. మొత్తం ఖర్చు 275. లోటు 23కు తగ్గింది. ఆమె అడగాల్సింది ఈ 23 చుట్టూ ఉండే అంకె, అంటే నాలుగో వంతు. 25 తగ్గితే నెలకు 2 మిగులుతుంది. షాపు గట్టెక్కుతుంది, అంతే.

ఈ లెక్కను యజమాని ముందు ఇలా పెట్టవచ్చు. నెలకు తగ్గిపోయినది 148. అందులో 100 నిర్వాహకురాలు తన సొంత రాబడి వదులుకుని భరించింది, 25 ఖర్చులు కోసి పూడ్చింది. మిగిలిన దానికి మాత్రమే యజమానిని సాయం అడుగుతోంది. ఇలా చెబితే "అందరి భారమూ నా నెత్తినే వేస్తున్నారు" అనడానికి వీలుండదు.

సరిచూసుకోవడానికి ఇంకో కొలత ఉంది: అమ్మకాల్లో అద్దె వాటా. మామూలు ఏడాదిలో అది 10 శాతం. ఇప్పుడు 100ను 720తో భాగిస్తే దాదాపు 14. తగ్గించిన 75తో అయితే పదిన్నర లోపే. అంటే ఆమె అడిగింది పాత నిష్పత్తికి దగ్గరగా రావడమే, కొత్త లాభమేమీ లేదు. మీ లెక్కలో తగ్గించిన అద్దె ఈ వాటాను పాత స్థాయి కంటే కిందికి తెస్తుంటే, మీరు ఎక్కువ అడుగుతున్నట్టే.

ఎన్ని నెలలకు అడగాలి?

ఆరు. మూడు నెలల్లో బొటిక్ కోలుకోదు, ఎందుకంటే కొత్త సరుకు ఎంచి, కుట్టించి, అమ్మి, ఆ డబ్బు తిరిగి చేతికి రావడానికే అంత కాలం పడుతుంది. ఏడాది అంటే యజమానికి అద్దె శాశ్వతంగా తగ్గిపోయినట్టు తోస్తుంది. మొదలయ్యే నెల పేరు, ముగిసే నెల పేరు రాయండి. "పరిస్థితి మెరుగుపడేదాకా" అనే మాట యజమానికి అడుగు లేని బావి.

యజమాని ఎందుకు ఒప్పుకోవాలి? ఆయనకేమిటి లాభం?

మీరు ఖాళీ చేస్తే ఆయనకు ఎంత పోతుందో అంత. పై ఉదాహరణలో ఆరు నెలలు 25 చొప్పున వదులుకుంటే 150, అంటే నెలన్నర అద్దె. మీరు వెళ్లిపోతే? గది మూడు నెలలు ఖాళీగా ఉంటే 300. బ్రోకరుకు నెల అద్దె ఇవ్వాల్సిన చోట మరో 100. కొత్తవారు అల్మరాలు, లైట్లు పెట్టుకునేదాకా ఒక నెల అద్దె వదిలేయమంటే మరో 100. మొత్తం 500. గది నెలలోనే నిండినా 300 పోతుంది, అది మీరు అడిగినదానికి రెట్టింపు.

ఈ అంకెలు ఉదాహరణకు వేసుకున్నవి. మీ వీధిలో నిజం ఏమిటో మీరే తిరిగి చూడాలి. చుట్టుపక్కల ఎన్ని షట్టర్లకు "అద్దెకు ఇవ్వబడును" బోర్డు వేలాడుతోంది, అది ఎన్ని నెలల నుంచి ఉంది, ఈ మధ్య నిండిన గది ఎంతకు పోయింది. ఈ మూడూ తెలుసుకోకుండా ఉత్తరం మొదలుపెట్టవద్దు. పక్క గది వారం తిరక్కుండానే ఎక్కువ అద్దెకు పోయిందని తెలిస్తే మీ బలం చాలా తక్కువ. అప్పుడు నాలుగో వంతు బదులు అద్దె వాయిదా అడగడం వివేకం.

ఇక్కడొక మెలిక ఉంది. మీరు ఎలాగూ వెళ్లరు, ఎలాగూ కడతారు అని యజమాని నమ్మితే ఆయనకు 150 పోవడం తప్ప లాభం లేదు. 150ని 500తో పోలిస్తే పదిలో మూడు వంతులు. అంటే మీరు ఖాళీ చేసే అవకాశం పదికి మూడు కంటే ఎక్కువని ఆయనకు అనిపిస్తేనే ఒప్పుకోవడం గిట్టుబాటు. అలా అనిపించే పని మీ అమ్మకాల పట్టిక చేయాలి. మీ గొంతు చేయకూడదు.

అద్దె తగ్గింపు, అద్దె వాయిదా ఒకటేనా?

కాదు, ఈ రెండూ కలిసిపోతే తర్వాత గొడవలు వస్తాయి. తగ్గింపు అంటే ఆ 25 మళ్లీ కట్టక్కర్లేదు. వాయిదా అంటే ఇప్పుడు కట్టరు, తర్వాత కడతారు. ఉత్తరంలో "ప్రస్తుతానికి 75 కడతాను" అని మాత్రమే రాస్తే, అది తగ్గింపు అని మీరు అనుకుంటారు, వాయిదా అని యజమాని అనుకుంటారు. ఏడాది చివర 150 బకాయి రాసిన కాగితం వస్తుంది. "ఈ మేరకు తగ్గిన మొత్తం తర్వాత వసూలు చేయబడదు" అనే వాక్యం ఎక్కడో ఒకచోట ఉండి తీరాలి.

వాయిదా కూడా కొన్నిసార్లు పనికొస్తుంది, కానీ పెద్ద ఆర్డరు డబ్బు ఆలస్యంగా వస్తోందని తెలిసినప్పుడే. అమ్మకాలే లేనప్పుడు వాయిదా తీసుకుంటే కోలుకునే నెలల్లో 100కు బదులు 125 కట్టాలి.

లెక్కలు ఎంతవరకు చూపాలి?

ఒక్క కాగితం. ఎడమ వరుసలో నెలల పేర్లు, పక్కన నిరుటి అమ్మకాలు, ఆ పక్కన ఈ ఏటివి, చివర తేడా శాతం. కింద రెండు వాక్యాలు: నెలకు ఎన్ని బిల్లులు అవుతున్నాయి, సగటు బిల్లు ఎంత. బిల్లుల సంఖ్య తగ్గితే జనం రావడం లేదని అర్థం. సగటు బిల్లు తగ్గితే వచ్చినవారు చవకవి కొంటున్నారని అర్థం. యజమాని రోజూ షాపు ముందునుంచి వెళ్లేవారైతే ఇది మరీ అవసరం. ఆయనకు లోపల నలుగురు కనిపిస్తారు, ఆ నలుగురూ ఒక్కో దుపట్టా కొని వెళ్లారని ఆయనకు తెలియదు.

మొత్తం ఖాతా పుస్తకాలు, బ్యాంకు స్టేట్‌మెంటు, సరఫరాదారుల పేర్లు, కొనుగోలు ధరలు ఇవ్వనక్కర్లేదు. అడిగితే దగ్గర కూర్చుని చూపించండి, నకలు ఇవ్వకండి. చూపే అంకెలు మాత్రం మీరు పన్ను కోసం రాసే లెక్కలతో సరిపోవాలి. యజమానికి ఒకటి, పన్నువారికి ఒకటి చూపితే ఏదో ఒక రోజు రెండూ ఒకే బల్ల మీదికి వస్తాయి.

యజమాని తప్పక అడిగే ప్రశ్న ఒకటుంది: "సరుకు ఎక్కువ కొనేసి ఇరుక్కున్నారేమో?" ఇది నన్ను అడిగారు. నిజమే, ఇరుక్కున్నాను. ఒకే రంగులో నలభై కుర్తీలు అల్మరా పై అరలో కూర్చుని నన్ను చూస్తున్నాయి. ఆ సంగతి దాచకుండా, వాటిని ఏ ధరకు, ఏ నెలలోగా వదిలించుకుంటానో చెప్పాను. ఆ తర్వాతే మాట ముందుకు సాగింది.

ఉత్తరం నమూనా ఉందా?

పై ఉదాహరణలోని బొటిక్ కోసం రాసినది ఇదిగో. మీ అంకెలు, నెలలు మార్చుకోండి.

> తేదీ: ………
>
> గౌరవనీయులైన ……… గారికి,
>
> విషయం: గ్రౌండ్ ఫ్లోర్ షాపు అద్దెలో ఆరు నెలల తాత్కాలిక రాయితీ కోసం విన్నపం
>
> నమస్కారం. మీ భవనంలో నాలుగేళ్లుగా బొటిక్ నడుపుతున్నాను. ఈ నెల వరకు అద్దె బకాయి ఏమీ లేదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు ఆరు నెలలు నెలవారీ అద్దెలో నాలుగో వంతు రాయితీ ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. అక్టోబరు నుంచి ఒప్పందంలో ఉన్న పూర్తి అద్దె చెల్లిస్తాను.
>
> గత ఏడు నెలల అమ్మకాలు అంతకు ముందు ఏడాది అవే నెలలతో పోలిస్తే 28 శాతం తగ్గాయి. పట్టిక జతచేశాను. నా వైపు నుంచి మానేసిన సహాయకురాలి స్థానంలో ఎవరినీ తీసుకోలేదు, కొత్త సరుకు కొనుగోలు తగ్గించాను, నాలుగు నెలలుగా షాపు నుంచి సొంత ఖర్చులకు ఏమీ తీసుకోవడం లేదు. ఇంత చేశాక కూడా నెలకు అద్దెలో దాదాపు నాలుగో వంతు లోటు మిగులుతోంది. నా విన్నపం ఆ మేరకే.
>
> డిసెంబరులో ముగియనున్న మన ఒప్పందాన్ని పూర్తి అద్దె మీద మరో ఏడాది పొడిగించడానికి సిద్ధంగా ఉన్నాను. రాయితీ ఉన్న నెలల్లో అద్దె 10వ తేదీకి బదులు 1వ తేదీనే చెల్లిస్తాను. వరుసగా రెండు నెలలు అమ్మకాలు నిరుటి స్థాయిలో పదింట తొమ్మిది వంతులకు చేరితే, గడువు కంటే ముందే పూర్తి అద్దె మొదలుపెడతాను.
>
> తర్వాతి సీజను సరుకుకు నెలాఖరులో ఆర్డరు ఇవ్వాలి. ఈ నెల 20లోగా మీ అభిప్రాయం తెలియజేయగలరు. మీకు వీలైన రోజున వచ్చి కలుస్తాను. మీ నిర్ణయం వచ్చేవరకు అద్దె ఎప్పటిలాగే పూర్తిగా చెల్లిస్తాను.
>
> ఇట్లు,
> ………

మొదటి పేరాలోనే అడిగిన అంకె, గడువు, తిరిగి పూర్తి అద్దెకు వచ్చే నెల మూడూ ఉన్నాయి చూడండి. నా మొదటి ఉత్తరంలో ఆ అంకె మూడో పేజీలో ఉండేది. అక్కడిదాకా ఆయన చదివి ఉండరు.

రెండో విషయం "రాయితీ" అనే మాట. అద్దెను మార్చమని అడగడం లేదు, అద్దె 100గానే ఉంటుంది, ఆరు నెలలు అందులో 25 మినహాయింపు. వినడానికి మాటల గారడీలా ఉన్నా యజమానికి ఇది పెద్ద తేడా. భవనం మీద బ్యాంకు అప్పు ఉంటే ఒప్పందంలోని అద్దెను చూసే దాని విలువ కడతారు. అమ్మాలనుకున్నా అంతే. పై అంతస్తు అద్దెదారు "వాళ్లకు తగ్గించారుగా" అని వచ్చినప్పుడు చెప్పుకోవడానికీ ఆయనకు ఈ మాట కావాలి.

ఏమి రాయకూడదు?

"అద్దె కట్టలేను" అని రాయకండి. రేపు వ్యవహారం చెడితే, మీరే చేతులెత్తేశారు అనడానికి ఆ వాక్యమే సాక్ష్యం అవుతుంది. లోటు ఎంతో రాయండి, చాలు. "తగ్గించకపోతే ఖాళీ చేస్తాను" అని కూడా రాయకండి, నిజంగా వేరే గది చూసిపెట్టుకుని ఉంటే తప్ప. బెదిరింపును ఆయన సరే అంటే మీ పని ఏమిటి? పైగా ఒప్పందంలో గడువుకు ముందే ఖాళీ చేస్తే ఇన్ని నెలల అద్దె కట్టాలనే షరతు ఉండవచ్చు, అదొకసారి తెరిచి చదువుకోండి.

గోడకు చెమ్మ, లిఫ్టు చెడిపోవడం వంటి పాత ఫిర్యాదులను ఇందులోకి లాగవద్దు. అవి నిజమే అయినా వేరే కాగితం మీద రాయాలి. ఇంట్లో జబ్బులు, పిల్లల ఫీజులు కూడా వద్దు. అవి చదివిన యజమానికి జాలి కలగవచ్చు. జాలితో పాటు ఈ వ్యాపారం ఇక నిలబడదన్న అనుమానమూ కలుగుతుంది, ఆ రాత్రే ఆయన బ్రోకరుకు ఫోను చేస్తారు.

ఉత్తరం ఇచ్చి పది రోజులైంది. జవాబు లేదు. అద్దె తగ్గించి కట్టేయవచ్చా?

వద్దు. మౌనం అంగీకారం కాదు. తగ్గించి కట్టిన మరుక్షణం మీరు బకాయిదారులవుతారు, అంతదాకా కాపాడుకున్న మంచి పేరు పోతుంది. ఒకసారి ఫోను చేయండి. తర్వాత పట్టిక తీసుకుని వెళ్లి కలవండి. కలిసినప్పుడు "అవునా, కాదా" అని అడగడం కంటే "ఇందులో మీకు ఇబ్బందిగా ఉన్నది అంకెనా, గడువా?" అని అడిగితే మాట కదులుతుంది. చాలాసార్లు ఇబ్బంది ఇంకెక్కడో ఉంటుంది. వాటాదారు ఒప్పుకోవాలి, లేదా బ్యాంకు కిస్తీ ఫలానా తేదీన ఉంది.

యజమాని తగ్గించనన్నారు, కానీ వేరే దారి చూపారు. ఒప్పుకోవచ్చా?

అది ఏ దారి అన్నదాన్ని బట్టి.

ఈ ఏడాది పెరగాల్సిన అద్దెను పెంచను, పాతదే కట్టండి అంటే వెంటనే ఒప్పుకోండి. ఉన్న అద్దె వెనక్కి వెళ్లదు కాబట్టి యజమానులకు ఇది అన్నిటికంటే తేలిక. నిజానికి పెంపు నెల దగ్గర్లో ఉంటే ముందు దీన్నే అడగవచ్చు.

అడ్వాన్సులోంచి నెలకు కొంత మినహాయించుకుంటాను అంటే ఆగి ఆలోచించండి. అది మీ డబ్బే, ఆయన వదులుకున్నదేమీ లేదు. ఊపిరాడడానికి పనికొస్తుంది, కానీ తిరిగి ఎప్పటిలోగా నింపాలో రాసుకోకపోతే ఖాళీ చేసే రోజున ఆ లెక్క తేలదు.

ఒప్పందం మూడేళ్లు పొడిగిస్తే తగ్గిస్తాను అంటే జాగ్రత్త. ఆరు నెలల రాయితీకి మూడేళ్ల బాధ్యత చాలా ఎక్కువ, ముఖ్యంగా ఆ చోటే మీ అమ్మకాలు పడడానికి కారణమైతే. జనం వేరే వీధికి మళ్లిపోయారా, లేక అన్ని వీధుల్లోనూ కొనడం తగ్గించారా అన్నది ముందు తేల్చుకోవాలి. మొదటిదైతే అద్దె తగ్గినా లాభం లేదు.

స్థిరమైన అద్దెకు బదులు అమ్మకాల్లో వాటా తీసుకునే పద్ధతి కూడా ఉంది. ఉదాహరణకు 65 స్థిరంగా, 500కు మించిన అమ్మకాల మీద 7 శాతం. అమ్మకాలు 720 అయితే అద్దె దాదాపు 80, అమ్మకాలు 1000కి చేరితే సరిగ్గా 100. చక్కటి ఏర్పాటే, కానీ ప్రతి నెలా లెక్క చూపాలి, ఆయన దాన్ని నమ్మాలి. ఒక్క గది అద్దెకిచ్చిన యజమానితో ఇది పొసగడం అరుదు, పెద్ద వాణిజ్య సముదాయాల్లోనే నడుస్తుంది.

ఫోనులో సరేనన్నారు. ఇక నిశ్చింతేనా?

ఇంకా కాదు. ఈ విషయంలో న్యాయశాస్త్ర విద్యార్థులు చదివే పాత ఆంగ్ల కేసు ఒకటుంది. లండన్‌లో ఒక సంస్థ ఫ్లాట్ల సముదాయం మొత్తాన్ని 1937లో లీజుకు తీసుకుంది. యుద్ధం వచ్చి ఫ్లాట్లు నిండకపోవడంతో 1940లో యజమానులు అద్దెను సగానికి తగ్గిస్తున్నట్టు రాసి ఇచ్చారు. ఎప్పటివరకు అన్నది అందులో లేదు. 1945కల్లా ఫ్లాట్లన్నీ నిండాయి, యజమానుల వైపు నుంచి పూర్తి అద్దె కావాలన్నారు. 1946లో తీర్పు వచ్చింది: తగ్గింపు యుద్ధకాలపు పరిస్థితికి ఇచ్చినది, ఆ పరిస్థితి పోయింది కాబట్టి ఇక పూర్తి అద్దె కట్టాలి, అయితే ఆ మాటను నమ్ముకుని గడిపిన నెలల తేడాను వెనక్కి అడగలేరు అన్నది న్యాయమూర్తి అభిప్రాయం. హై ట్రీస్ కేసు అంటారు దాన్ని. రాతలో గడువు ఉండి ఉంటే న్యాయస్థానం దాకా వెళ్లే పనే ఉండేది కాదు. ఒక్కో దేశంలో చట్టం ఒక్కోలా ఉంటుంది, అందుకని కాగితాన్నే గట్టిగా రాసుకోవాలి.

పాత ఒప్పందానికి అనుబంధంగా అర పేజీ చాలు. రాయితీ ఏ నెల నుంచి ఏ నెల వరకు, నెలకు ఎంత, తగ్గిన మొత్తం తర్వాత వసూలు చేయరు, మిగతా షరతులన్నీ యథాతథం. ఏటా పెరిగే అద్దెను 100 మీద లెక్కించాలా, 75 మీదనా అన్నది కూడా రాయాలి. 100 మీదే అని యజమాని అంటారు, అది న్యాయమే, ఒప్పుకోండి. మెయింటెనెన్స్ విడిగా కడుతుంటే రాయితీ దానికి వర్తిస్తుందో లేదో ఒక మాట. వాటాదారులు ఉంటే వారందరి సంతకాలు, లేదా సంతకం చేసే అధికారం ఉన్నవారిది. ఇలాంటి సవరణను నమోదు చేయించాలో లేదో స్థానిక న్యాయవాదిని ఒకసారి అడగండి.

తర్వాత ప్రతి నెల రసీదు చూసుకోండి. 75 కట్టినప్పుడు రసీదు మీద "పాక్షిక చెల్లింపు" అని ఉంటే ఆ రోజే దిద్దించుకోండి. అద్దె మీద పన్ను వేసే చోట బిల్లు కూడా తగ్గిన మొత్తానికే రావాలి.

ఒప్పుకోకపోతే మళ్లీ అడగవచ్చా?

అడగవచ్చు, కానీ అదే ఉత్తరం కాకూడదు. మూడు నెలల తర్వాత పట్టికలో కొత్త నెలలు చేర్చి, అంకె తగ్గించి రాయండి. నాలుగో వంతు కాదన్నవారు పదో వంతుకు ఒప్పుకోవచ్చు. ఉదాహరణలోని బొటిక్‌కు పదో వంతు వస్తే లోటు 23 నుంచి 13కు దిగుతుంది. ఆ 13ను పొదుపులోంచి ఎన్ని నెలలు పెట్టగలరో లెక్క వేసుకుని, ఆ నెలల సంఖ్య ఒప్పందంలోని ఖాళీ నోటీసు గడువు కంటే తక్కువగా ఉంటే, నోటీసు ఇవ్వాల్సిన రోజు వచ్చేసినట్టే. ఈ లెక్క ఉత్తరం రాయడానికి ముందే ఒక చీటీ మీద వేసి గల్లాపెట్టెలో ఉంచుకోండి.

రాయితీ మధ్యలో అమ్మకాలు పుంజుకున్నాయి. చెప్పాలా?

ఉత్తరంలో మాట ఇచ్చారు కాబట్టి చెప్పాలి. నాకు ఐదో నెలలోనే ఆ స్థాయి వచ్చింది. నేనే వెళ్లి పూర్తి అద్దె ఇచ్చాను. ఆయన కొంచెంసేపు నా మొహం చూసి, ఆ నెల రాయితీ మాత్రం ఉంచేసుకోమన్నారు.